మనసులో తిట్టే గొంతుకు కృతజ్ఞత డైరీ సరిపోతుందా?

"రోజూ పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాయి, మనసు తేలికపడుతుంది." ఈ సలహా ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్లోనూ తిరుగుతోంది. కొందరికి నిజంగానే పనిచేస్తుంది. కానీ పొద్దున లేచింది మొదలు తనను తాను తిట్టుకునే అలవాటున్న మనిషి చేతికి అదే డైరీ ఇస్తే, చాలాసార్లు తిట్లు తగ్గకపోగా తిట్టుకోవడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఎందుకలా జరుగుతుందో, పరిశోధనలు ఎంతవరకు చెప్పాయో, అలాంటి మనిషి ముందుగా ఏం చేయాలో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

ఒకమ్మాయిని ఊహించుకోండి. పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో హాస్టల్లో ఉండి గ్రూప్-2కు చదువుతోంది. ఆదివారం ఎకానమీ పేపర్ గ్రాండ్ టెస్ట్ రాస్తే 150కి 58 వచ్చాయి. గది చేరేలోపే లోపల గొంతు మొదలైంది: "నీతోని గాదు. నాలుగేండ్లాయె. నీతోటోళ్లందరు సెటిలయిన్రు, నువ్వింకా గీడనే ఉన్నవ్." ఆ రాత్రి, ఎక్కడో విన్న సలహా గుర్తొచ్చి నోట్‌బుక్ తీసి రాసింది: "నాన్న ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మి నా హాస్టల్ ఫీజు కట్టిండు. ఆయనకు రుణపడి ఉంటా." పెన్ను మూత పెట్టేలోపే గొంతు ఆ వాక్యాన్నే అందుకుంది: "గా పైసలు తింటనే గీ మార్కులు తెచ్చినవా?"

ఆమె రాసినదాంట్లో అబద్ధం లేదు. నాన్న మీద ప్రేమా అబద్ధం కాదు. అయినా డైరీ ఎదురు తిరిగింది. కృతజ్ఞత గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా దాటేసే విషయం ఇదే.

కృతజ్ఞత ఎక్కడ అప్పుగా మారుతుంది

ఒకరు మనకు మేలు చేసినప్పుడు రెండు రకాల భావాలు కలగవచ్చు. ఒకటి సంతోషంతో కూడిన కృతజ్ఞత. రెండోది తీర్చాలన్న బరువు. అమెరికాలో ఫిలిప్ వాట్కిన్స్, ఆయన సహచరులు 2006లో ఈ రెండింటినీ విడదీసి చూశారు. సాయం చేసినవాళ్లు తిరిగి ఏదో ఆశిస్తున్నారని అనిపించేకొద్దీ రుణభావం పెరుగుతుంది, కృతజ్ఞత తగ్గుతుంది. సాయం అదే, మనసులో దిగే భావం మాత్రం వేరు.

మన ఇళ్లలో అమ్మానాన్నలు నోరు తెరిచి ఏమీ అడగకపోవచ్చు. అయినా "బిడ్డకు ఒక్క జాబొస్తే చాలు" అన్న మాట ఇంట్లో ఉంటుంది. పండక్కి ఇంటికి పోతే చుట్టాల నోట వినిపిస్తుంది. అలాంటి చోట నాన్న త్యాగం గురించి రాయడమంటే చాలామందికి అప్పుల పుస్తకం తెరవడమే. 2013లో క్రిస్టిన్ లయస్ బృందం అమెరికా, దక్షిణ కొరియా విద్యార్థులతో కృతజ్ఞత లేఖలు రాయించినప్పుడు కొరియా విద్యార్థులకు మేలు గణనీయంగా తక్కువగా కనిపించింది. కుటుంబానికి మనిషి ఎంత కట్టుబడి ఉంటాడన్నదాన్ని బట్టి ఒకే అభ్యాసం వేరువేరు ఫలితం ఇస్తుందని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. మన పిల్లలకు ఈ అభ్యాసాలు చెప్పేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

డైరీ గురించి పరిశోధన చెప్పిందెంత

ఈ డైరీల ప్రచారానికి మూలం చాలావరకు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లా 2003లో ప్రచురించిన పరిశోధన. అందులో ఒక ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు పది వారాల పాటు, వారానికి ఒక్కసారి రాశారు. ఒక గుంపు కృతజ్ఞత కలిగించిన విషయాలు, ఐదు వరకు రాసింది. ఇంకో గుంపు చిరాకు పెట్టినవి రాసింది. మూడో గుంపు మామూలు సంఘటనలు రాసింది. కృతజ్ఞత రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు. అయితే ఆ పరిశోధన మొత్తంలో కొన్ని తేడాలు చిరాకులు రాసినవాళ్లతో పోల్చినప్పుడే స్పష్టంగా కనిపించాయి.

ఇది చిన్న విషయం కాదు. పది వారాలు చిరాకులు ఏరి ఏరి రాయిస్తే ఎవరికైనా మనసు కొంత పాడవుతుంది. ఎరువు వేసిన చేనును నీళ్లందక ఎండిన చేను పక్కన పెట్టి చూపిస్తే ఎరువు గొప్పగానే కనిపిస్తుంది. అందుకే తర్వాతి పరిశోధకులు "దేనితో పోల్చారు?" అన్న ప్రశ్నను గట్టిగా పట్టుకున్నారు. 2016లో డాన్ డేవిస్ బృందం అనేక ప్రయోగాలను కలిపి చూస్తే, ఏమీ చేయనివాళ్ల కన్నా కృతజ్ఞత అభ్యాసం చేసినవాళ్లు కొంత మెరుగు. మనసుకు మేలు చేసే వేరే ఏదైనా అభ్యాసంతో పోలిస్తే మాత్రం దీనికి ప్రత్యేకమైన ఆధిక్యం కనిపించలేదు. తర్వాత డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ 27 అధ్యయనాలను, అంటే 3,675 మంది సమాచారాన్ని చూసి, డిప్రెషన్ మీదా ఆందోళన మీదా దీని ప్రభావం చిన్నదేనని తేల్చారు. ఆ బాధలు తగ్గాలని కోరుకునేవాళ్లకు ఇంతకన్నా బలమైన ఆధారాలున్న పద్ధతులే చెప్పడం మంచిదన్నారు.

కాబట్టి కృతజ్ఞత డైరీ పనికిరానిదేమీ కాదు. మనసు మామూలుగా ఉన్నవాళ్లకు కాస్త ఉల్లాసం ఇస్తుంది. తనను తాను చీల్చుకునే గొంతుకు మాత్రం అది నేరుగా జవాబు చెప్పదు.

ఆ గొంతుకు జవాబు చెప్పేది

సెల్ఫ్ కంపాషన్ అంటే, ఓడిపోయినప్పుడు, తప్పు చేసినప్పుడు మనం బాగా ఇష్టపడే మనిషితో ఎలా ఉంటామో మనతో మనం అలా ఉండటం. టెక్సాస్ యూనివర్సిటీలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003లో దీన్ని మూడు భాగాలుగా వివరించారు. బాధను పెంచకుండా, దాచకుండా ఉన్నదున్నట్టు గుర్తించడం మొదటిది. ఇది నా ఒక్కదానికే జరగట్లేదు, మనుషులకు జరిగేదే అని చూడటం రెండోది. తిట్టడానికి బదులు దయగా మాట్లాడటం మూడోది. మూడింట్లో ఒకటి తీసేసినా దెబ్బతింటుంది. మొదటిది లేకుండా దయ చూపితే అది బుజ్జగింపు అవుతుంది. రెండోది లేకపోతే "పాపం నేను" దగ్గరే ఆగిపోతాం.

ఇక్కడ మన దగ్గర ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటుంది. తిట్టుకోకపోతే సోమరితనం రాదా? భయం లేకపోతే చదువుతామా? దీన్ని నేరుగా పరీక్షించినవాళ్లు ఉన్నారు. 2012లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ విద్యార్థులకు కావాలనే కష్టమైన పదజాలం పరీక్ష పెట్టారు. తర్వాత ఒక గుంపుతో, ఇది కష్టంగా అనిపిస్తే మీరొక్కరే కాదు, చాలామందికి అలాగే ఉంటుంది, మీ మీద మరీ కఠినంగా ఉండకండి అన్నారు. ఇంకో గుంపుతో, ఈ యూనివర్సిటీలో సీటొచ్చిందంటే మీరు తెలివైనవాళ్లే అన్నారు. మూడో గుంపుకు ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ముందు ఎక్కువసేపు చదువుకున్నది మొదటి గుంపు. పొగిడించుకున్నవాళ్ల కన్నా కూడా ఎక్కువ. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన ప్రయోగం ఇదే. ఓటమిని భయం లేకుండా చూడగలిగినవాళ్లే దాని దగ్గరికి మళ్లీ పోగలరు.

2019లో మడలీన్ ఫెరారీ బృందం, సెల్ఫ్ కంపాషన్ నేర్పే 27 ప్రయోగాలను, అంటే ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించినవాటిని కలిపి చూస్తే, తనను తాను విమర్శించుకునే అలవాటు మధ్యస్థ స్థాయిలో తగ్గింది. అదే ఆలోచన మళ్లీ మళ్లీ తిరగడం ఇంకా బాగా తగ్గింది. కానీ వీటిలో చాలావరకు శిక్షణా కార్యక్రమాలు. రెండు నిమిషాల అభ్యాసం ఒకసారి చేసి అదే ఫలితం ఆశించకూడదు.

ఆ ఆదివారం రాత్రి ఏం చేయవచ్చు

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. ముందు చేయాల్సింది గొంతును నోరు మూయించడం కాదు, అది అన్న మాటను కాగితం మీద పెట్టడం. యాసతో సహా, అన్నదన్నట్టు రాయాలి: "నీతోని గాదు. నాలుగేండ్లాయె." పుస్తక భాషలోకి మారిస్తే దాని పదును పోతుంది, మనమూ తప్పించుకుంటాం. దాని కింద గీత గీసి, అందులో జరిగినదేంటి, తీర్పేంటి అని విడదీయాలి. జరిగింది: ఎకానమీలో 150కి 58. తీర్పు: నీతోని గాదు. మొదటిదాన్ని ఎవరైనా చూసి ఒప్పుకుంటారు. రెండోది 58లో ఎక్కడా రాసి లేదు.

"నాలుగేండ్లాయె" అన్నది కాస్త ఆగి చూడాల్సిన మాట. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 చివర్లో వస్తే, వాయిదాలు పడి పడి పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. 783 పోస్టులకు సుమారు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. ఆ నాలుగేళ్లలో రెండేళ్లు వేచి ఉండటంలోనే పోయాయి, అదీ అందరికీ. తిట్టే గొంతు ఈ లెక్కంతా ఒక మనిషి ఖాతాలో వేస్తుంది. ఇది సాకు వెతుక్కోవడం కాదు. ఎకానమీలో వెనకబడిన సంగతి అలాగే ఉంటుంది, దాని మీద పేరుకున్న అదనపు బరువే తగ్గుతుంది.

తర్వాత మూడు వాక్యాలు. నెఫ్ చెప్పిన మూడు భాగాలకూ ఒక్కోటి. ఒక చేయి ఛాతీ మీద పెట్టుకుని, లేదా రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పట్టుకుని, నెమ్మదిగా, ఇంట్లో మాట్లాడే భాషలోనే అనుకోవాలి. "ఇప్పుడు నాకు మస్తు బాధైతుంది." "ఈ రీడింగ్ రూమ్‌ల నా లెక్క ఫీలయ్యేటోళ్లు ఇంకా ఉన్నరు." "గీ ఒక్క గంట నన్ను నేను తిట్టుకోను." మూడోది నమ్మగలిగేంత చిన్నదిగా ఉండాలి. "నేను గొప్పదాన్ని, నేను సాధిస్తాను" అని పెద్ద మాట పెట్టుకుంటే బెడిసికొడుతుంది. 2009లో జోఆన్ వుడ్ బృందం, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవాళ్లతో "నేను ప్రేమకు అర్హుణ్ని" లాంటి వాక్యాన్ని పదేపదే అనిపిస్తే, వాళ్లకు ఇంకా బాధగా అనిపించిందని చూపారు. మనసు నమ్మని మాట అన్నప్పుడల్లా లోపలి గొంతు దానికి ఎదురు వాదన తీస్తుంది.

దయగా ఏం మాట్లాడాలో తోచకపోతే, అమ్మమ్మో మేనత్తో మాట్లాడే తీరు గుర్తు చేసుకోవచ్చు. "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్? బువ్వ తిన్నవా? ఇగో, ముందు రెండు ముద్దలు తిను, రేపు సూద్దాం తీ." ఈ మాటల్లో మార్కులు మంచివని అబద్ధం లేదు, చదవకున్నా ఫర్వాలేదన్న ఊరట లేదు. మనిషిని ముందు నిలబెట్టి, పనిని రేపటికి పెట్టడం ఉంది. అలాంటివాళ్లు ఎవరూ లేని ఇంట్లో పెరిగితే పక్కగది స్నేహితురాలిని ఊహించుకోవచ్చు. ఆమెకే 58 వచ్చి ఏడుస్తుంటే మనం ఏమంటాం? ఆ మాటలే, మన పేరు పెట్టి, "నువ్వు" అంటూ కాగితం మీద రాయాలి. "నేను" బదులు పేరుతో, "నువ్వు" అని తనతో మాట్లాడుకున్నవాళ్లు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నారని మిషిగన్‌లో ఈథన్ క్రాస్ బృందం 2014లో చూపింది. కెనడాలో లియా షపీరా, మిరియం మోంగ్రెయిన్ 2010లో చేసిన ప్రయోగంలో, డిప్రెషన్‌కు లోనయ్యే అవకాశం ఉన్నవాళ్లు ఒక వారం పాటు రోజూ ఇలాంటి దయగల లేఖ తమకు తామే రాసుకుంటే, డిప్రెషన్ లక్షణాల్లో మేలు మూడు నెలల వరకు కనిపించింది.

ఆఖరున ఒక పని పెట్టుకోవాలి, పది నిమిషాల్లో అయిపోయేది. తప్పుపోయిన ప్రశ్నల్లో పది తీసి, ఒక్కోదాని పక్కన "చదవలేదు", "చదివాను కానీ గుర్తు లేదు", "తొందరపడ్డాను" అని మూడింట్లో ఒకటి రాయడం. పదింట్లో ఆరు "చదవలేదు" అని తేలితే రేపటి పని దొరికినట్టే. ఈ అడుగు లేకపోతే దయ అక్కడే ఆగిపోతుంది, తిట్టే గొంతు "చూసినవా, ఏడ్చి పండుకున్నవ్" అంటుంది.

ఎక్కడ తప్పుతుంది

కొందరు చేయి ఛాతీ మీద పెట్టుకుని దయగా ఒక్క మాట అనుకోగానే ఏడుపు తన్నుకొస్తుంది. ఛాతీ బిగుసుకుంటుంది, కోపం కూడా రావచ్చు. చిన్నప్పటి నుంచి మంచి మాట ఎరగనివాళ్లకు ఇది ఎక్కువ. తమ మీద తాము దయ చూపుకోవడమంటేనే భయపడేవాళ్లు ఉంటారని ఇంగ్లండ్‌కు చెందిన పాల్ గిల్బర్ట్ 2011లో విడిగా కొలిచి చూపారు. ఇలా జరిగితే అభ్యాసం విఫలమైందనుకోవద్దు, బలవంతంగా కొనసాగించనూ వద్దు. కళ్లు తెరిచి, చెప్పులు విడిచి అరికాళ్లు నేలకు ఆనించి, గదిలో కనిపించేవాటిని చూడాలి. నీళ్లు తాగాలి. మరుసటి రోజు మాటలు వదిలేసి ఒంటికి మేలు చేసే పని ఒకటి చాలు: వేళకు తినడం, కాసేపు నడవడం, తల స్నానం. మాటలు తర్వాత వస్తాయి.

ఇంకో రకం పొరపాటు కనిపెట్టడం కష్టం. గొంతు అభ్యాసాన్నే పట్టుకుంటుంది: "గిది గూడ సక్కగ చేస్తలేవ్." నోట్‌బుక్‌లో రోజులు లెక్కపెట్టడం, ఒక రోజు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టడం కనిపిస్తే అది జరుగుతోందని అర్థం. అప్పుడు ఆ వాక్యాన్నీ కాగితం మీద పెట్టి, కింద గీత గీసి, అదే పద్ధతిలో విడదీయాలి.

కృతజ్ఞతను ఎప్పుడు, ఎలా తేవాలి

గొంతు కొంచెం నెమ్మదించాక కృతజ్ఞతకు చోటు ఉంటుంది. వారానికి ఒకసారి చాలు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ ప్రయోగంలో వారానికి ఒక్కసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కాదు. ఒకే విషయం రోజూ రాస్తే అది మొక్కుబడి అవుతుంది.

విషయం ఎంచుకోవడంలోనే అసలు మెలకువ ఉంది. మొదట్లో తీర్చాల్సిన బరువు లేనివాటిని తీసుకోవాలి. "నాన్న పత్తి అమ్మి ఫీజు కట్టిండు" ఆమెకు ఇప్పుడే వద్దు. "పక్కగది అక్క నేను టెస్టుకు పోయేటప్పుడు తన గొడుగు ఇచ్చింది, అడగకముందే" అన్నది బాగుంటుంది. ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేసి ఉంటారు అన్న మూడూ ఒక వాక్యంలో వస్తే చాలు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రయోగంలోనూ మూడు మంచి విషయాలతో పాటు అవి ఎందుకు జరిగాయో కూడా రాయించారు. రాశాక ఛాతీలో వెచ్చగా అనిపిస్తోందా, భుజాలు బిగుసుకుంటున్నాయా అని ఒక్క క్షణం చూసుకోవాలి. బిగుసుకుంటే అది కృతజ్ఞత కాదు, అప్పు. ఆ విషయాన్ని పక్కన పెట్టి ఇంకోటి రాయాలి. "నాకు ఇంత ఉంది, అయినా ఎందుకు ఏడుస్తున్నా" అనే వాక్యం వస్తే ఆ రోజుకు డైరీ మూసి, మూడు వాక్యాల దగ్గరికి వెళ్లాలి.

మూడు వారాలయ్యాక పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే, గొంతు పోయిందా అని చూడొద్దు, అది ఇంకా ఉంటుంది. చెడ్డ మార్కు వచ్చాక మళ్లీ పుస్తకం తెరవడానికి ఎంతసేపు పడుతోందో చూడాలి. ముందు రెండు రోజులు పట్టేది ఇప్పుడు అదే సాయంత్రానికి వస్తే అభ్యాసం పని చేస్తున్నట్టే. ఏమీ మారకపోతే ఆమెది తప్పు కాదు, ఇంతకన్నా ఎక్కువ సాయం కావాలని అర్థం. రెండు వారాలుగా నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకపోతే మూడు వారాల దాకా కూడా ఆగొద్దు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అభ్యాసాలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబర్ మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వరంగల్‌లో ఉన్నవాళ్లు ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవవచ్చు. వెళ్లేటప్పుడు, తిట్టే గొంతు మాటలు రాసుకున్న ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్తే, "ఏమైంది?" అని డాక్టర్ అడిగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడే పని ఉండదు.